కోవాలో పలుకు

చంద్రపూర్ పక్కన తుకుంలో మేం అద్దెకున్న ఇంటి పెరట్లో ఒక పెద్ద ఇనుప కడాయి ఉండేది. దాని ముందు ఐలమ్మ ఉండేది. నేను ఆ ఇంట్లో దిగేనాటికి ఆమె అక్కడ కూర్చోవడం మొదలుపెట్టి ఇరవై తొమ్మిదేళ్లు. పందొమ్మిదేళ్ల వయసులో రాజురా తాలూకా పల్లె నుంచి కొత్త కోడలిగా వచ్చిందట. భర్త రాయమల్లు జ్వరంతో పోయి పన్నెండేళ్లు. ఇల్లు ఇప్పుడు మరిది భీమన్నది. ఆయన బొగ్గు గనిలో టైమ్‌కీపర్. భట్టీ, అంటే కడాయి కింది బొగ్గు పొయ్యి కూడా ఆయనదే. కోవా మాత్రం ఐలమ్మది. ఊళ్లో మిఠాయి దుకాణాలవాళ్లు "భీమన్న ఖవా" అనేవాళ్లు గానీ భీమన్న ఆ కడాయిని ముట్టుకోగా నేను చూడలేదు.

మా గది తలుపు తెరిస్తే పది అడుగుల దూరంలో భట్టీ. అప్పుడు నా కూతురికి ఎనిమిది నెలలు, పాకడం నేర్చుకుంది. నా రోజంతా ఆ పది అడుగులను కొలుచుకోవడంతోనే గడిచేది. గడపకు అడ్డంగా ట్రంకు పెట్టె పెట్టి, దాని మీదుగా బయటికి చూస్తూ ఉండేదాన్ని. అలా చూసీ చూసీ కోవా ఎలా దిగుతుందో నాకు తెలిసింది.

పొద్దున మొదటి బస్సుకు నాగేశ్వర్ రెండు క్యాన్ల గేదె పాలు తెచ్చేవాడు. గోండ్‌పిప్రి రోడ్డు మీది ఊళ్లలో పోగు చేసుకొచ్చే పాలు అవి. ఐలమ్మ క్యాను మూత తీసి వాసన చూసేది. తర్వాత ఒక గరిటెడు పాలు విడిగా మరిగించేది. విరిగితే ఆ క్యాను వెనక్కి. విరగకపోయినా నాలుక మీద ఒక చుక్క వేసుకునేది.

"రాత్రి పాలు కలిపినవా నాగేశ్వర్?"

"అమ్మతోడు, కలపలే పెద్దమ్మా."

"మీ అమ్మ మీద నీకంత కోపమేందిరా?" అని ఆ క్యాను పక్కకు జరిపేది. నాగేశ్వర్ నవ్వుకుంటూ దాన్ని పెరుగువాళ్లకు అమ్ముకునేవాడు.

గని నుంచి భీమన్నకు బొగ్గు వచ్చేది, అందుకని భట్టీకి కట్టెలు కొనరు. ఐలమ్మకు మొదట్నుంచీ ఇదే బాధ. "కట్టె మాట వింటది. ఎక్కువైతే గుంజుతం, తక్కువైతే నూకుతం. బొగ్గు ఎవ్వని మాటా వినది" అనేది. పచ్చి బొగ్గు పొగకు పాలు వాసన పట్టేస్తాయి. అందుకే ముందు భట్టీ రాజేసి, పొగ పూర్తిగా పోయి, బొగ్గు ఎర్రబడేదాకా కడాయి ఎక్కించేది కాదు. పక్కన ఒక తట్టలో బూడిద ఉండేది. మంట తగ్గించాలంటే ఆ బూడిద చల్లడమే. ఇంకా తగ్గాలంటే కడాయి కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తు చేయడమే.

ఒక్కో వాయికి ఐదు లీటర్లు. అంతకంటే ఎక్కువ పోస్తే ఇగరడానికి ఆలస్యమై రంగు తిరుగుతుంది. చేతిలో ఖుర్పీ, అంటే బద్దగా ఉండే ఇనుప గరిటె. పాలు పొంగేటప్పుడు పెద్దగా తిప్పాల్సిన పని లేదు, పొంగు అణిస్తే చాలు. సగానికి ఇగిరాక కష్టం మొదలు. ఖుర్పీ అంచు కడాయి అడుగును గీసుకుంటూ పోవాలి. ఒక చోట గీసి ఒక చోట వదిలేస్తే, వదిలిన చోట పాలు పొరగా పట్టి మాడతాయి. ఆ పొర లేచి కలిసిందా, ఐదు లీటర్లూ మాడు వాసనే. అంచుల మీద ఎండే మీగడను ఎప్పటికప్పుడు లోపలికి లాగాలి. అది ఎండిపోయాక లాగితే ఎంత తిప్పినా కరగదు, పెళుసుగా పంటి కింద తగులుతుంది. రబ్డీలా చిక్కబడ్డాక మంట తగ్గించి చెయ్యి వేగం పెంచాలి. చివర్లో ముద్ద అంచులు వదిలి మధ్యకు చేరుతుంది, చుట్టూ నెయ్యి మెరుస్తుంది. అప్పుడు దించేయాలి. పూర్తిగా అయ్యిందనిపించాక దించితే ఆలస్యమైనట్టే, ఎందుకంటే ఇనుము వేడి ఇంకా వండుతూనే ఉంటుంది. దించాక కూడా ఖుర్పీ వెనకవైపుతో ముద్దను రుద్దుతూ చల్లార్చేది. చివరికి చేతిలోకి తీసుకుంటే గోధుమ పిండి ముద్దలా నున్నగా ఉండేది.

ముప్పై అయిదు, నలభై నిమిషాలు. అంతసేపూ ఆ మనిషి లేవకూడదు. దగ్గు రాకూడదు, పిలుపు రాకూడదు. పొద్దున ఆరు వాయిలు, సాయంత్రం బస్సుకు వచ్చే పాలతో నాలుగు. వాయికీ వాయికీ మధ్య కడాయి కడిగే సమయంలోనే ఆమె మంచినీళ్లు తాగేది.

నేను రసాయన శాస్త్రంలో డిగ్రీ చేశాను. కరీంనగర్‌లో ల్యాబులో చదివినవి గుర్తొచ్చి, మాంసకృత్తులు, పాల చక్కెర అంటూ ఒకరోజు ఆమెకు ఏదో చెప్పబోయాను. శ్రద్ధగా విన్నది. "గివన్నీ అండ్ల ఉన్నయా? ఇన్నేండ్ల సంది ఒక్కటి గూడ నాకు కనపడలే" అన్నది.

*

ఆ ఏడు వేసవిలో, అంటే తొంభై అయిదులో, ఐలమ్మ కూతురు ప్రతిభకు ఏడో నెల దాటింది. గోండ్‌పిప్రిలో ఇచ్చారు ఆ అమ్మాయిని. మే నెలాఖరుకు కాన్పు అన్నారు. రెండేళ్ల కింద మొదటి కాన్పు కూడా మే నెలలోనే వచ్చింది. అప్పుడు లగ్నాల ఆర్డర్లు. కబురు అందిన రోజున పొయ్యి మీద రెండో వాయి ఉంది. "గీ మూడు దినాలు తియ్యి వదినె, నాలుగో దినం నేనే బస్సెక్కిస్త" అన్నాడట భీమన్న. నాలుగో రోజు ఆమె కిలో కోవా మూటగట్టుకుని వెళ్లేసరికి పుట్టిన బిడ్డ లేదు. రెండో రోజే పోయింది.

తాను వెళ్లి ఉంటే బతికేదని ఆమె అనలేదు. "బతికేది గాదేమో. గని నా బిడ్డ మూడు దినాలు గుమ్మం దిక్కు చూసిందట" అన్నది. అది చెప్పేటప్పుడు కూడా ఖుర్పీ ఆగలేదు. నేను మా పాపను దగ్గరికి తీసుకున్నాను. ఎందుకో దాని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది.

ఈసారి నెల ముందే వెళ్తానని ఏప్రిల్‌లోనే చెప్పింది ఐలమ్మ.

భీమన్న చెడ్డవాడు కాదు. అదే ఇబ్బంది. చెడ్డవాడైతే ఎదురు తిరగవచ్చు. ఆయన మెత్తగా, నవ్వుతూ మాట్లాడేవాడు.

"ఎవ్వలు వద్దన్నరు వదినె? నీ బిడ్డ గాదా, నా బిడ్డ గాదా? కోడలికి నేర్పు. దాని చేతిల కోవా నున్నగ దిగిన దినమే టికెట్ తెస్త. రాజుగారి లెక్క కిటికీ పక్క సీటు."

కోడలంటే ఉజ్వల. భీమన్న కొడుకు సతీష్ భార్య. ఇరవై రెండేళ్లది. సతీష్ బల్లార్షాలో పని చేస్తూ వారానికోసారి వచ్చేవాడు. ఉజ్వల చదువంతా మరాఠీలోనే, బి.ఎ. రెండో ఏడు పరీక్షకు బయటి నుంచి కట్టింది. నన్ను "వైనీ", అంటే వదినా అనేది. మధ్యాహ్నాలు మా గదిలోకి వచ్చి, పాపను ఒళ్లో వేసుకుని పుస్తకం చదువుకునేది.

మర్నాటి నుంచి రోజూ పొద్దుటి చివరి వాయి ఉజ్వలకు అప్పజెప్పారు. ఐలమ్మ పక్కన కూర్చుని చెప్పేది. ఉజ్వల చెప్పినట్టే చేసేది. అడుగంటనిచ్చేది కాదు, రంగు తిరగనిచ్చేది కాదు. కానీ దించి చూస్తే కోవా నిండా పలుకులు. రవ్వలా, వేళ్ల మధ్య నలిపితే గరగరమంటూ. మొదటిరోజు అలాగే, రెండో రోజు అలాగే, వారం రోజులు అలాగే. గులాబ్ జామ్‌కి పనికిరాదు, పేడాకి పనికిరాదు. సగం ధరకు టీ కొట్లవాళ్లకు పోయేది.

"నీ నోట్లె పలుకు లేదు గని కోవల మస్తు పలుకుంది కోడలా" అన్నాడు భీమన్న. నవ్వాడు గానీ నవ్వులో విసుగు ఉంది.

ఉజ్వల తల దించుకుని, "కాయ్ కరూ, ఏం జెయ్యాలె మామా, చెయ్యి తిరుగుతలేదు" అన్నది.

"చెయ్యి గుణం బిడ్డా. అందరికీ రాదు. గిదొక్కటి వదినెకే ఇచ్చిండు దేవుడు." ఆయన ఐలమ్మ వైపు తిరిగాడు. "చూస్తున్నవ్ గద? నేనేం జెయ్యాలె చెప్పు."

చేతి గుణం అనే మాట నాకు మింగుడుపడలేదు. పలుకు కట్టాలంటే పాలల్లో పులుపైనా ఉండాలి, ఇగిరేటప్పుడు తిప్పడమైనా ఆపాలి. ఉజ్వల తిప్పడం ఆపడం లేదు, నేను చూస్తూనే ఉన్నాను. అయితే పాలదే లోపమా? చివరి వాయికి వచ్చేసరికి పదకొండు దాటుతుంది, చంద్రపూర్ ఎండ. క్యానులో అడుగు పాలు కాస్త పులిసి ఉండొచ్చు. మా పాపకు కూడా ఆ క్యానులోంచే పాలు పోయించుకునేదాన్ని, కాబట్టి నాకు ఇంకో భయం పట్టుకుంది. ఒకరోజు ఉజ్వల వాయికి పాలు కొలిచేటప్పుడే పావు లీటరు నేనూ తీసుకుని, నా గ్యాస్ పొయ్యి మీద చిన్న మూకుడులో ఇగిర్చాను. నాది కొత్త చెయ్యి. కొంచెం అడుగంటింది కూడా. కానీ నున్నగానే వచ్చింది. ఒక్క పలుకు లేదు.

అదే క్యాను, అదే గంట. పాలు మంచివే.

ఆ సాయంత్రం బూడిద కుప్ప దగ్గర పాప గుడ్డలు ఆరేస్తుంటే కాలికి ఏదో తగిలింది. పిండేసిన నిమ్మ చెక్కలు. ఒక రోజువి కావు. ఎండి నల్లబడినవి కొన్ని, ఇంకా పచ్చగా ఉన్నవి రెండు.

*

ఉజ్వలను అడగలేదు. ఐలమ్మ కడాయి కడుగుతుంటే దగ్గరికి వెళ్లి మెల్లగా చెప్పాను. ఆమె కొబ్బరి పీచుతో అడుగు రుద్దడం ఆపలేదు.

"గది నాకు మొదటి దినమే ఎర్క."

"తెలుసా?"

"పాలు చుక్క నాలిక మీదేస్తె ఏ ఊరి గేదెదో చెప్త. నిమ్మకాయ ఎర్కపట్టనా? పాలు మరిగినంక కొంగు చాటుకెల్లి పిండుతది. నేను అటు తిరిగి కూసుంట, పిండుకొనీ అని."

"మరి మీరు వెళ్లేదెలా పెద్దమ్మా? చెప్పేస్తే ఈ వారమే పోవచ్చు కదా!"

ఆమె కడాయి బోర్లించి నన్ను చూసింది. పొగకు ఎర్రబడ్డ కళ్లు అవి, ఎప్పుడూ తడిగానే ఉండేవి. అందుకని ఎప్పుడు ఏడుస్తుందో ఎప్పుడు లేదో తెలిసేది కాదు.

"నేను ఈ ఇంటికొచ్చిన మూడో దినం మా అత్త ఖుర్పీ చేతికిచ్చింది. మా తల్లిగారింట్ల గేదెలుండె, నాకు చేతనైతది. మొదటి వాయే నున్నగ దించిన. ఇంటిల్లిపాది చప్పట్లు కొట్టిన్రు. మా అత్త నా నెత్తిన చెయ్యి పెట్టి, బంగారు చెయ్యి అన్నది. అంతే. మా అత్త లేచింది, నేను కూసున్న. మళ్ల లేవలే." చేతిలోని పీచు విదిలించి అన్నది, "గా దినం నాకు నిమ్మకాయ ముచ్చట ఎవ్వలన్న చెప్తే ఎంత బాగుండు."

"కానీ ప్రతిభ..."

"అదే గద బిడ్డా. ఉజ్వలను ఈడ కట్టేసి నా బిడ్డ దగ్గరికి పోవాలె. ఎట్ల పోత?"

ఇద్దరు ఆడవాళ్లు, ఒక ఖుర్పీ. ఒకరిని విడిపిస్తే ఇంకొకరు ఇరుక్కుంటారు. నేను దానికేదో ఉపాయం ఉంటుందనుకున్నాను. పుస్తకాలు చదివినవాళ్లకు ఆ జబ్బు ఉంటుంది. ప్రతి లెక్కకూ జవాబు ఉందనుకుంటాం.

*

మే మొదటి వారంలో ఒక మిఠాయి సేఠ్ స్కూటర్ మీద వచ్చాడు. మెయిన్ రోడ్డు మీద అద్దాల కౌంటరు, లోపల లైట్లతో కొత్త దుకాణం తెరిచాడట. భీమన్న మంచమ్మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. మూలన పళ్లెంలో ఉజ్వల చేసిన కోవా ఉంది. సేఠ్ చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు.

భీమన్న కంగారుపడ్డాడు. "గది వద్దు సేఠ్, అది చెడిపోయిన మాల్..."

"చెడిపోయిందా?" సేఠ్ ఇంకో చిటికెడు తీసుకున్నాడు. "అరె భావూ, ఇది దానేదార్! కలాకంద్‌కి దీనికోసం నేను నాగ్‌పూర్ దాకా పోతున్న. ఇంత మంచి దానా! ఎవరు చేసిన్రు?"

ఆ ఇంట్లో పలుకు అంటే తప్పు. ఆయన దుకాణంలో అదే దానా అంటే మెచ్చుకోలు. భీమన్న నోరు తెరిచి కోడలి వైపు చూశాడు. ఉజ్వల గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మొహంలో రక్తం లేదు.

"రోజు పది కిలోలు కావాలె. కానీ రోజూ గిట్లనే రావాలె. ఒకరోజు వచ్చి ఒకరోజు రాకుంటే నాకొద్దు."

"చేతి గుణం సేఠ్" అన్నాడు భీమన్న బెదురుగా. "దాని చెయ్యి తగిలితే వస్తది. ఎట్లొస్తదో మాకే తెల్వది."

నేనప్పుడు గడపలో ఉన్నాను, పాప చంకలో ఉంది. ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఇది ఎవరైనా చేయగలిగిందే అని తెలిస్తే, చేతి గుణం అనే మాటే పోతే, ఇద్దరూ బయటపడతారనుకున్నాను.

"చేతి గుణం కాదు మామా. పులుపు. పాలు మరిగాక కొలత ప్రకారం నిమ్మరసం వేస్తే రోజూ వస్తుంది. ఐదు లీటర్లకు ఒక కాయ. ఎవరు చేసినా వస్తుంది."

సేఠ్ తలూపాడు. "బరోబర్. నాగ్‌పూర్‌ల గూడ గట్లనే ఏదో ఏస్తరు."

భీమన్న తెలివిగలవాడు. నిమ్మకాయ మాట వినగానే వారం రోజుల కోవా ఆయన కళ్ల ముందు తిరిగి ఉంటుంది. కోడలి వైపు ఒకసారి చూశాడు. మెత్తగా నవ్వాడు. "మా సైన్స్ మేడం ఉండంగ మాకేం ఫికర్" అన్నాడు.

మూడో రోజుకు పెరట్లో రెండో భట్టీ లేచింది. కొత్త కడాయి వచ్చింది. నాగేశ్వర్ నాలుగు క్యాన్లు తేవడం మొదలుపెట్టాడు. ఒక కడాయి ముందు ఐలమ్మ, నున్న కోవాకు. ఇంకో కడాయి ముందు ఉజ్వల, నిమ్మకాయల బుట్టతో. నేను అనుకున్న జవాబు ఇదీ. ఎవరు చేసినా వచ్చేదాన్ని చేయడానికి ఉజ్వల కూర్చుంది. ఉజ్వలకు నున్నది రాదన్న పేరు ఉంది కాబట్టి ఐలమ్మ లేవకూడదు.

"లగ్నాలు అయిపోనీ వదినె" అన్నాడు భీమన్న. "జూన్ల పోదువు."

"కాన్పు మే లోనే."

"డాక్టర్లు చెప్పిన దినమే పుడతరా ఎవ్వలన్న? మన సతీష్ ఇరవై దినాలు లేటుగ పుట్టిండు. ఇప్పటికీ అన్నిట్ల లేటే."

ఉజ్వల మధ్యాహ్నాలు మా గదికి రావడం మానేసింది. ఆమె పుస్తకం మా కిటికీలోనే ఉండిపోయింది. ఒకరోజు ఇవ్వబోతే, "మీ దగ్గరే ఉండనీ వైనీ. ఇక్కడ బొగ్గు మసి" అన్నది. నా మొహం చూడలేదు.

*

పదిహేడో తారీఖు సాయంత్రం నాలుగో వాయి దించాక ఐలమ్మ మా గది ముందుకు వచ్చి ఒక గుడ్డ సంచి ఇచ్చింది. అందులో రెండు చీరలు, పాత బట్టలతో కుట్టిన బొంత, వాము పొట్లం ఉన్నాయి.

"మీ మంచం కింద ఉంచు బిడ్డా. ఏందని అడగకు."

అడగలేదు. పాప అందుకోకుండా గోడ వైపుకు నెట్టాను.

మర్నాడు నాగేశ్వర్ పాలు దింపి, నిన్నటి ఖాళీ క్యాన్లతో పది గంటల బస్సుకు తిరిగి వెళ్లాలి. బస్టాండుకు ఆటో కోసం వీధిలో నిలబడ్డాడు. భీమన్నకు ఆ వారం రెండో షిఫ్టు, ఇంట్లోనే ఉన్నాడు. పెద్ద లగ్నం ఆర్డర్ కావడంతో దగ్గరుండి చూసుకుంటున్నాడు. రెండు భట్టీలూ మండుతున్నాయి. ఐలమ్మ మూడో వాయి రబ్డీలా చిక్కబడి, బుడగలు పెద్దవై తప్ తప్‌మని చప్పుడు చేస్తున్నాయి. కళ్లు తిప్పడానికి వీల్లేని సమయం అది. ఉజ్వల కడాయిలో అప్పుడే నిమ్మరసం పడి పాలు పలుకు కడుతున్నాయి. ఆమె రెండు చేతులూ కడాయిలోనే ఉన్నాయి.

"భీమన్నా" అన్నది ఐలమ్మ, "గీ ఖుర్పీ జర పట్టు."

చెమట తుడుచుకుంటుందనుకుని ఆయన వంగి పట్టుకున్నాడు. ఆమె లేచింది. మోకాళ్ల మీద చేతులేసి, నడుము ఒక్కో ఎముకగా నిటారు చేసుకుని లేచింది. కొంగు దులుపుకుని నా గడప దగ్గరికి వచ్చింది. నేను సంచి అందించాను.

భీమన్నకు అర్థమయ్యేసరికి ఆమె గేటు దగ్గరుంది.

"వదినె! ఏయ్ వదినె! యాడికి?"

"ఆపకు! అడుగు గీకు, అడుగు!"

ఆయన గబగబా గీకాడు. లేవబోయాడు. కడాయిలోంచి ఆవిరి మారింది, కాస్త తీపిగా, మాడుకు ఒక అడుగు ముందుండే వాసన. మళ్లీ కూర్చున్నాడు.

"ఉజ్వలా! గిటు రా!"

"ఎట్ల రావాలె మామా? నాది ఇడిసిపెడితే ఐదు లీటర్లు పోతయ్."

"సైన్స్ మేడం! బిడ్డా! జర పట్టు తల్లీ!"

"పాప చంకలో ఉంది మామా. మంట దగ్గరికి తేలేను." అది నిజమే. కానీ ఆ రోజు ఆ నిజం చెప్పడానికి నాకు తొందరగా ఉంది.

గేటు బయట నాగేశ్వర్ ఆటో ఆపాడు. ఐలమ్మ ఎక్కుతూ వెనక్కి తిరిగింది. ఏమైనా అంటుందనుకున్నాను, ఇరవై తొమ్మిదేళ్ల మాట ఏదో.

"అంచులు, భీమన్నా! అంచులు గుంజు లోపలికి! ఎండితే కరగదు!"

ఆటో వెళ్లిపోయింది.

భీమన్న లుంగీ ఎగగట్టుకుని, ఒక మోకాలు నేలకు ఆనించి గీకుతున్నాడు. చెమట కారి కళ్లలో పడుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తిట్లు మొదలుపెట్టాడు, ఊపిరి చాలక ఆపేశాడు. ముద్ద బరువెక్కుతోంది. "ఇగ దించాల్నా? ఇంకుందా? ఎవ్వలన్న చెప్పరే!" అన్నాడు. నన్ను చూశాడు. ఎంత తేమ మిగలాలో నాకు శాతాల్లో తెలుసు. ఆ కడాయిలో ఎంత మిగిలిందో తెలియదు.

ఉజ్వల తన కడాయిలోకే చూస్తూ తిప్పుతోంది. ఆమె పెదవులు ఒకసారి తెరుచుకుని మూసుకోవడం చూశాను. ఐదు లీటర్ల పాలు కళ్ల ముందు మాడుతుంటే, చేయడం తెలిసిన మనిషి ఎంతసేపు ఊరుకోగలదు?

"బూడిద ఏయ్ మామా" అన్నది చివరికి, తల ఎత్తకుండా. "మంట ఎక్కువుంది. తట్టల్నుంచి గుప్పెడు. ఆఁ, అంచు వదిలిందా? చుట్టు నెయ్యి మెరుస్తుందా? అయితే ఇగ దించు. దించు, ఇంక సూడకు! ఇనుము వేడికే అయితది. కిందకెల్లి రుద్దు, ఖుర్పీ వెనక దిక్కుతోని. మెల్లగ. నున్నగ అయ్యేదాక."

ఆయన దించాడు, రుద్దాడు. కుడి అంచున అరచెయ్యంత మేర గోధుమ రంగు తిరిగింది, మిగతాదంతా బాగానే ఉంది. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు. పలుకు లేదు. అప్పుడు తల ఎత్తి కోడలిని చూశాడు.

"అంటే నీకు అంతా ఎర్కనే."

ఉజ్వల ఖుర్పీ తిప్పుతూనే ఉంది. తన కడాయిలో పాలు ఇగురుతున్నాయి, ఆపకూడదు.

*

ఐలమ్మ వెళ్లిన ఎనిమిదో రోజున ప్రతిభకు నొప్పులు వచ్చాయి. తొమ్మిదో రోజు పొద్దున నాగేశ్వర్ క్యాన్లు దింపుతూనే చెప్పాడు. "ఆడపిల్ల. తల్లి మంచిగుంది, పిల్ల మంచిగుంది. పెద్దమ్మ వాము నీళ్లు తాపిస్తుంది, పిల్లకు నూనె రాస్తుంది. తిననీకి గూడ టైం లేదు ముసల్దానికి."

"ఎప్పుడొస్తదట?" భీమన్న అడిగాడు. ఆయన అరచేతుల్లో బొబ్బలు పగిలి గుడ్డ చుట్టుకున్నాడు.

"నేనడగలే కాకా. అడుగుదమనుకున్న, గని గంత నవ్వు మొహం ఎన్నడూ చూడలే. పాడుచేయబుద్ధి గాలే."

భీమన్న మొదటి క్యాను మూత తీసి, వాసన చూసి, ఏమీ తెలియక ఉజ్వలకు అందించాడు. ఆమె గరిటెడు పాలు తీసి మరిగించింది. ఒక చుక్క నాలుక మీద వేసుకుంది.

"రాత్రి పాలు" అని ఆ క్యాను పక్కకు జరిపింది.

అప్పటికి ఉజ్వల పొద్దుటి వాయిలన్నీ చేస్తోంది, నున్నవీ పలుకువీ రెండూ. కడాయి కడిగే విరామంలో మా గడప దగ్గరికి వచ్చి నీళ్లడిగింది. చెంబు అందించాను. గటగటా తాగింది. గదిలోకి, కిటికీలో ఉన్న తన పుస్తకం వైపు ఒకసారి చూసింది.

"వైనీ, ఒక్క మాట అడగనా? గా దినం సేఠ్ ముందర ఎందుకు చెప్పినవ్?"

మీ ఇద్దరికీ మంచి జరుగుతుందని, అనబోయాను. పాప ట్రంకు పెట్టె పట్టుకుని మొదటిసారి తనంతట తాను నిలబడింది అప్పుడే. ఉజ్వల దాన్ని చూసి నవ్వింది. నా జవాబు కోసం ఆగలేదు. భట్టీ మీద ఖాళీ కడాయి వేడెక్కుతోంది, పాలు పోయకపోతే ఇనుము మాడుతుంది. వెళ్లి కూర్చుంది.